మాత్రా, బ్యాండా? సిర్రోసిస్‌లో అన్నవాహిక సిరలు చిట్లకుండా ఆపడం

అందరికీ నమస్కారం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది సిర్రోసిస్ ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకుంటున్న ఇంటివాళ్లు అని నిర్వాహకులు చెప్పారు. అందుకని సిర్రోసిస్ మొత్తాన్ని ముందేసుకుని కూర్చోను. ఎండోస్కోపీ రిపోర్టులో ఈసోఫేజియల్ వేరిసెస్, అంటే అన్నవాహికలో ఉబ్బిన సిరలు, అని రాసి ఉంది, కానీ ఆ మనిషికి ఇంతవరకూ ఒక్కసారి కూడా రక్తపు వాంతి కాలేదు. అలాంటి మనిషికి మేం ఏం చేస్తాం, ఎందుకు చేస్తాం అన్నదే ఇవాళ్టి విషయం.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక పేషెంటును ఊహించుకుందాం. వయసు 54. ఏళ్ల తరబడి మద్యం తాగి, లివర్ పాడైందని తెలిశాక మానేశాడు. కామెర్లు లేవు, కడుపులో నీరు లేదు, తన పనులు తను చేసుకుంటున్నాడు. ప్లేట్‌లెట్లు 92 వేలు. బీపీ 128/80, నాడి నిమిషానికి 84. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగంలో మధ్యస్థంగా ఉబ్బిన సిరలు మూడు వరసలు, ఒకదాని మీద ఎర్రటి చార కనిపించాయి. ఆయన అడిగే మొదటి ప్రశ్న మీరు అడిగేదే. "నాకు కడుపులో నొప్పి లేదు, వాంతి లేదు. ఇప్పుడెందుకు మందు?"

దీనికి జవాబు ఒత్తిడిలో ఉంది. మామూలుగా మనం చూసుకునే బీపీ చేతిలోని ధమనిది. పేగుల నుంచీ ప్లీహం నుంచీ రక్తాన్ని లివర్‌కు చేర్చే పెద్ద సిర ఒకటి ఉంది, దాన్ని పోర్టల్ వెయిన్ అంటారు. దానిలోని ఒత్తిడి వేరే లెక్క. లివర్ బాగున్నప్పుడు, లివర్‌లోకి వచ్చే వైపుకూ బయటికి వెళ్లే వైపుకూ మధ్య తేడా 5 పాదరసం మిల్లీమీటర్లు దాటదు. సిర్రోసిస్‌లో లివర్ అంతా మచ్చకట్టి గట్టిపడుతుంది కాబట్టి రక్తం లోపలికి సులువుగా పోదు. తేడా 10కి చేరేసరికి వేరిసెస్ పుట్టడం, కడుపులో నీరు చేరడం లాంటివి మొదలయ్యే పరిస్థితి వస్తుంది. 12 దాటితే సిర చిట్లే ప్రమాదం వస్తుంది. 12 కంటే తక్కువ ఉన్నవాళ్లలో వేరిసెస్ చిట్లడం దాదాపు చూడం. ఈ మూడు అంకెల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఆ 12ను గుర్తుపెట్టుకోండి.

పెద్ద కాలువకు అడ్డం పడితే నీళ్లు గట్టు పక్కన ఉన్న పిల్ల కాలువల్లోకి మళ్లినట్టే, లివర్‌లోకి పోలేని రక్తం దారి వెతుక్కుంటుంది. అలా దొరికే దారుల్లో ఒకటి జీర్ణాశయం పైఅంచు దగ్గర మొదలై అన్నవాహిక గోడలోంచి పైకి పోయే సన్నని సిరలు. వాటి పని వేరు, అంత రక్తం మోయడానికి అవి పుట్టలేదు. పైగా అన్నవాహిక చివరి నాలుగైదు సెంటీమీటర్లలో ఈ సిరలు పైపొరకు మరీ దగ్గరగా ఉంటాయి. కండరం గానీ మందమైన కణజాలం గానీ వాటికి ఆసరా ఇవ్వదు. అందుకే చిట్లడం దాదాపు ఎప్పుడూ అక్కడే జరుగుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒత్తిడి పెరగడానికి లివర్ గట్టిపడటం సగం కారణమే. మిగతా సగం పేగుల వైపు నుంచి వస్తుంది. పోర్టల్ ఒత్తిడి పెరిగాక పేగులకు రక్తం తెచ్చే ధమనులు వెడల్పు అవుతాయి. దాంతో బీపీ కొంచెం తగ్గుతుంది, గుండె దాన్ని సరిచేద్దామని ఎక్కువగా కొట్టుకుంటుంది. ఫలితంగా పోర్టల్ వెయిన్‌లోకి ఇంకా ఎక్కువ రక్తం వచ్చి పడుతుంది. దారి మూసుకుపోయింది సరే, వచ్చే రక్తం కూడా పెరిగింది. మచ్చకట్టిన లివర్‌ను మాత్రతో మెత్తబరచలేం గానీ, వచ్చే రక్తాన్ని మాత్రం తగ్గించవచ్చు. బీటా బ్లాకర్లు అనే మాత్రలు చేసేది అదే.

ఏ సిర చిట్లుతుందో ముందే చెప్పగలమా అంటే, కచ్చితంగా చెప్పలేం గానీ అంచనా కట్టగలం. సిర గోడ మీద పడే బలం మూడింటి మీద ఆధారపడుతుంది. లోపలి ఒత్తిడి ఎంత, సిర ఎంత లావుగా ఉంది, గోడ ఎంత పల్చగా ఉంది. సిర లావెక్కే కొద్దీ గోడ సాగి పల్చబడుతుంది, అంటే రెండు విధాలా నష్టమే. ఎండోస్కోపీలో కనిపించే ఎర్ర చార, ఎర్ర చుక్క ఆ పల్చబడిన గోడకు గుర్తు. వీటికి తోడు లివర్ ఎంత బలహీనపడిందన్నది మూడో విషయం. మొత్తం మీద చూస్తే వేరిసెస్ ఉన్నవాళ్లలో ఏడాదికి నూటికి 10 నుంచి 15 మందికి రక్తస్రావం అవుతుంది. ఇవాళ ఎంత వైద్యం అందుబాటులో ఉన్నా, అలా రక్తస్రావమైన వాళ్లలో నూటికి 15 నుంచి 20 మంది ఆరు వారాల్లోపే చనిపోతున్నారు. మన పేషెంటుకు నొప్పి లేకపోయినా మందు ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ సిరలు ముందుగా నొప్పితోనో మంటతోనో హెచ్చరించవు.

మన పేషెంటు ముందు రెండు దారులున్నాయి. రోజూ మాత్ర వేసుకోవడం ఒకటి, ఎండోస్కోపీ ద్వారా ఆ సిరలకు రబ్బరు బ్యాండ్లు వేయించుకోవడం ఇంకొకటి. మొదటి రక్తస్రావాన్ని ఆపడానికి ఏదో ఒకటి చాలు. రెండూ కలిపి మొదలుపెడితే అదనంగా పెద్ద లాభం కనిపించలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి.

ముందు మాత్ర సంగతి. 1980లో ఫ్రాన్స్‌లో దిదియే లెబ్రెక్ అనే వైద్యుడు, ఆయన బృందం గుండెకు వాడే ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్‌ను సిర్రోసిస్ వాళ్లకిచ్చి పోర్టల్ ఒత్తిడి తగ్గుతుందని చూపించారు. మరుసటి ఏడాది 74 మంది మీద చేసిన పరిశీలన వచ్చింది. వీళ్లంతా అప్పటికే ఒకసారి రక్తస్రావమై తేరుకున్నవాళ్లు, లివర్ పరిస్థితి మరీ చెడనివాళ్లు. ఏడాది తర్వాత మళ్లీ రక్తస్రావం కాకుండా ఉన్నవాళ్లు ప్రొప్రనలాల్ వేసుకున్నవాళ్లలో నూటికి 96 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 50 మంది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో లాభం ఇంత భారీగా రాలేదు గానీ, లాభం ఉందన్న మాట మాత్రం నిలబడింది.

ఇది ఎలా పనిచేస్తుందంటే, గుండె మీద ఉన్న బీటా-1 గ్రాహకాలను ఆపితే గుండె వేగం తగ్గి పంపే రక్తం తగ్గుతుంది. పేగుల ధమనుల మీద ఉన్న బీటా-2 గ్రాహకాలను ఆపితే ఆ ధమనులు ముడుచుకుంటాయి. మనకు రెండూ కావాలి. అందుకే అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఈ పనికి సరిపోవు, అవి ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి. ఈ పొరపాటు నేను తరచూ చూస్తుంటాను. పేషెంటు బీపీ కోసం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాడు, అక్కడ "ఇదీ బీటా బ్లాకరే, అదీ బీటా బ్లాకరే" అని ప్రొప్రనలాల్ తీసేసి అటెనలాల్ రాస్తారు. చీటీ మీద అంతా బాగానే ఉంటుంది, పోర్టల్ వెయిన్‌కు మాత్రం రక్షణ పోయినట్టే. మీ మాత్ర మారినప్పుడల్లా ఇది వేరిసెస్ కోసం వేసుకుంటున్నానని ఒక మాట చెప్పండి.

ఇప్పుడు మేం ఎక్కువగా ఇచ్చేది కార్వెడిలాల్. ఇది ఆ రెండు పనులతో పాటు లివర్ లోపలి రక్తనాళాలను కూడా కాస్త సడలిస్తుంది, కాబట్టి ప్రొప్రనలాల్ కంటే ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది. మన పేషెంటుకు రోజుకు 6.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. మూడు రోజులు చూసి, తల తిరగడం లేదు, బీపీ 116/74 ఉంది అనుకున్నాక 12.5కు పెంచాం, పొద్దున 6.25, రాత్రి 6.25. అక్కడితో ఆగాం. మామూలుగా ఇంతకంటే ఎక్కువ పెంచినా పోర్టల్ ఒత్తిడి పెద్దగా తగ్గదు, చేతి బీపీ మాత్రం పడిపోతుంది. కార్వెడిలాల్‌కు నాడి ఇంతకు రావాలి అన్న గురి లేదు. పై బీపీ 90 కంటే కిందికి పోకుండా చూసుకుంటే చాలు.

ప్రొప్రనలాల్ అయితే పద్ధతి వేరు. 20 లేదా 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పెంచుకుంటూ పోయి, కూర్చుని ఉన్నప్పుడు నాడి 55 నుంచి 60 మధ్యకు తేవాలి. కడుపులో నీరు లేనివాళ్లకు రోజుకు 320 వరకూ, నీరు ఉన్నవాళ్లకు 160 వరకూ పోవచ్చు. చాలామందికి అంత అవసరం పడదు. అసలు సమస్య ఏమిటంటే పెంచకపోవడం. 20 మిల్లీగ్రాములు రెండుపూటలా అని రాస్తారు, పేషెంటు ఆరు నెలల తర్వాత వస్తాడు, అప్పటికీ అదే 20, నాడి 82. ఆ మనిషి మాత్ర వేసుకుంటున్నాడు గానీ మందు అందడం లేదు. ప్రొప్రనలాల్ మీద ఉన్నవాళ్లు ఇంట్లో వారానికోసారి నాడి చూసి కాగితం మీద రాసి తెస్తే, మా పని సగం అయిపోతుంది.

ఒక పరిమితి కూడా చెప్పాలి. నాడి తగ్గినంత మాత్రాన లోపలి ఒత్తిడి తగ్గిందని అర్థం కాదు. మెడ సిరలోంచి సన్నని గొట్టాన్ని లివర్ సిరలోకి పంపి ఒత్తిడి కొలిచి చూస్తే, తేడా 12 కంటే దిగువకు గానీ, మొదట ఉన్నదానికంటే నూటికి 20 వంతులు గానీ తగ్గేది ప్రొప్రనలాల్ వేసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికే. ఆ పరీక్ష అందరికీ చేయం, చాలాచోట్ల దొరకదు కూడా. అందుకే మోతాదు సరిగ్గా అందేలా చూడటం తప్ప బయటి నుంచి మనకు వేరే ఆధారం లేదు.

ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్తాను. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వం, బీటా-2 ఆపితే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. గుండెలో విద్యుత్ ప్రసారం అడ్డుకుపోయే హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకు, నాడి ముందే 50 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ఇవ్వం. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇవ్వచ్చు గానీ, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకుండా పోతాయి కాబట్టి వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. నీరసం, చేతులు కాళ్లు చల్లబడటం, మగవాళ్లలో అంగస్తంభన ఇబ్బంది, ఇవి ఉంటాయి. మూడోది ఎవరూ పైకి చెప్పరు. చెప్పకుండా మాత్ర మానేస్తారు. ఇది మరీ ప్రమాదం. ఆపగానే ఒత్తిడి మళ్లీ పాత స్థాయికి పోతుంది, రక్షణ అన్నదే మిగలదు.

ఇక బ్యాండ్. దీన్ని 1986లో అమెరికాలో డెన్వర్‌లో గ్రెగ్ స్టీగ్‌మన్ అనే సర్జన్ మొదట మనుషుల్లో వాడి చూపించాడు. మూలవ్యాధికి రబ్బరు బ్యాండ్ వేయడం అప్పటికే ఉంది, ఆ ఆలోచననే ఆయన అన్నవాహికకు తెచ్చాడు. అంతకుముందు ఆ సిరల్లోకి సూదితో మందు ఎక్కించి ఎండబెట్టేవాళ్లు. దానివల్ల పుండ్లు, అన్నవాహిక ఇరుకుపోవడం ఎక్కువగా ఉండేవి.

బ్యాండ్ వేసేటప్పుడు జరిగేది ఇది. ఎండోస్కోప్ చివర పారదర్శకమైన చిన్న టోపీ బిగిస్తాం. దాని బయట చుట్టూ సాగదీసిన రబ్బరు బ్యాండ్లు వరసగా ఉంటాయి. అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోటికి పోయి, అక్కడి సిరను టోపీకి ఆనించి గాలి లాగే బటన్ నొక్కుతాం. సిర టోపీలోకి పొంగి వస్తుంది, స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోతుంది. ఆ ఎరుపు పూర్తిగా నిండేదాకా ఆగాలి. తొందరపడి పిడి తిప్పితే బ్యాండ్ సగం సిరనే పట్టుకుంటుంది, తర్వాత అది జారిపోవచ్చు. నిండాక పిడి తిప్పితే దారం లాగి ఒక బ్యాండ్ జారి సిర మెడకు బిగుసుకుంటుంది. గాలి వదిలితే ఊదారంగు చిన్న బుడిపె ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ పైకి వస్తూ, ఒక విడతలో మామూలుగా ఐదు నుంచి ఏడు వేస్తాం. కింద నుంచి పైకే ఎందుకంటే, ముందు పైన వేస్తే ఆ బుడిపెలు దారికి అడ్డమై కింద ఏమీ కనిపించదు.

రక్తం అందక ఆ బుడిపె చచ్చిపోతుంది. నాలుగైదు రోజుల నుంచి పది రోజుల్లో బ్యాండ్‌తో సహా ఊడి, కింద పల్చని పుండు మిగులుతుంది. అది రెండు మూడు వారాల్లో మానుతుంది. మానే క్రమంలో అక్కడ ఏర్పడే మచ్చ వల్ల ఆ సిర మూసుకుపోతుంది. మొదటి ఒకటి రెండు రోజులు ఛాతీలో బరువు, మింగుతుంటే నొప్పి ఉంటాయి. అప్పుడు మెత్తనివి, ద్రవాలు తీసుకుంటే చాలు. ఆమ్లం తగ్గించే మాత్ర కొన్ని రోజులు ఇస్తాం, పుండు చిన్నదిగా ఉండటానికి పనికొస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి మళ్లీ చూసి, మిగిలిన సిరలకు వేసుకుంటూ పోతాం. పూర్తిగా పోవడానికి చాలామందికి రెండు నుంచి నాలుగు విడతలు పడతాయి.

ఇప్పుడు అసలు తేడాకు వద్దాం. బ్యాండ్ ఆ ఒక్క సిరను మూస్తుంది, వెనక ఉన్న ఒత్తిడి ఎక్కడికీ పోదు. అందుకే చాలామందికి కొన్ని నెలల తర్వాత వేరిసెస్ మళ్లీ వస్తాయి. అన్నీ పోయాయి అని తేలాక కూడా మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఎండోస్కోపీ చేస్తూ ఉండాల్సిందే. మాత్ర అలా కాదు, ఒత్తిడి మీద పనిచేస్తుంది. ఆ లాభం వేరిసెస్‌తో ఆగదు. 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన ప్రెడెస్కీ అనే అధ్యయనంలో ఒత్తిడి 10 దాటిన 201 మందిని చూశారు. వాళ్లకు పెద్ద వేరిసెస్ లేవు. కడుపులో నీరు, రక్తస్రావం, మెదడు మందగించడం లాంటివి రావడం గానీ, చనిపోవడం గానీ జరిగింది ఉత్తుత్తి మాత్ర వాళ్లలో నూటికి 27 మందికి, బీటా బ్లాకర్ వాళ్లలో 16 మందికి. ఎక్కువగా తగ్గింది కడుపులో నీరు చేరడమే. అందుకే మన పేషెంటు లాంటివాళ్లు, అంటే బీపీ బాగుండి, ఉబ్బసం లేనివాళ్లు వస్తే నేను మాత్రకే ఓటు వేస్తాను. మాత్ర సరిగ్గా పడినవాళ్లకు మళ్లీ మళ్లీ ఎండోస్కోపీ అవసరం కూడా ఉండదు. ఇది మంచి వార్తే. కానీ కొందరికి నమ్మకం కుదరదు. లోపల చూడకపోతే టెన్షన్ అంటారు. వాళ్లను తప్పు పట్టలేం.

మన పేషెంటు దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఏడాదిన్నర పాటు అంతా బాగుంది. తర్వాత కడుపులో నీరు మొదలైంది, నీరు దిగే మాత్రలు ఇచ్చాం. ఇంకో నాలుగు నెలలకు జ్వరం, కడుపు నొప్పితో వచ్చాడు. ఆ నీటిలో ఇన్ఫెక్షన్. బీపీ 84/50, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9 నుంచి 1.8కి పెరిగింది. ఇక్కడ కార్వెడిలాల్ ఆపేశాం. ఇంతకాలం రక్షించిన మాత్రను ఇప్పుడెందుకు ఆపాలి అని ఆయన భార్య అడిగింది. మంచి ప్రశ్నే. లివర్ ఈ దశకు వచ్చినప్పుడు కిడ్నీలకు రక్తం అందాలంటే గుండె గట్టిగా కొట్టుకోవాల్సిందే. ఆ శక్తిని మనం మాత్రతో కట్టేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. పై బీపీ 90 కిందికి పోయినా, కిడ్నీలు దెబ్బతింటున్నా, రక్తంలో సోడియం 125 కిందికి పడిపోయినా మాత్ర తగ్గించడమో ఆపడమో చేయాలి. కడుపులో నీరు ఉన్నంత మాత్రాన ఆపక్కర్లేదు, ఈ తేడా మరచిపోకండి.

ఇన్ఫెక్షన్ తగ్గింది, క్రియాటినిన్ 1.0కి వచ్చింది. ఈసారి చేతి బీపీని కాస్త తక్కువగా తగ్గించే ప్రొప్రనలాల్‌ను 20 మిల్లీగ్రాముల చొప్పున రెండుపూటలా ఇచ్చి చూశాం. మూడు రోజులకే బీపీ 86కి పడిపోయింది. మాత్ర దారి మూసుకుపోయినట్టే. అప్పుడు బ్యాండ్లకు వెళ్లాం. మొదటి విడతలో ఆరు వేశాం. రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ 1.7 ఉంది కదా, ముందు ప్లాస్మా ఎక్కించరా అని జూనియర్ డాక్టరు అడిగాడు. లేదు. సిర్రోసిస్‌లో ఆ అంకె బ్యాండ్ వేశాక రక్తం కారుతుందో లేదో చెప్పదు, పైగా ఎక్కించిన ప్లాస్మా పోర్టల్ ఒత్తిడిని ఇంకా పెంచుతుంది.

ఎనిమిదో రోజు ఆయన ఫోన్ చేశాడు. విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఒకరకమైన చెడు వాసనతో వచ్చిందని. ఐరన్ మాత్ర వల్ల వచ్చే నలుపులో ఈ జిగట, ఈ వాసన ఉండవు. బ్యాండ్ ఊడిన పుండు నుంచి రక్తం కారడం సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. నూటికి కొద్దిమందికే వస్తుంది, లివర్ బలహీనంగా ఉన్నవాళ్లకు ఎక్కువ. వెంటనే రమ్మన్నాం. హిమోగ్లోబిన్ 9.6 నుంచి 8.1కి పడింది. ఎండోస్కోపీలో ఒక పుండు మీద గడ్డకట్టిన రక్తం ఉంది గానీ కారడం ఆగిపోయింది. ఆసుపత్రిలో ఉంచి మందులతో చూశాం, రక్తం ఎక్కించలేదు. హిమోగ్లోబిన్ 7 కిందికి పడితే తప్ప ఎక్కించం. ఎక్కువ రక్తం ఇస్తే ఒత్తిడి పెరిగి మళ్లీ కారుతుంది, ఇది నిరూపణ అయిన విషయమే. నాలుగు వారాల తర్వాత రెండో విడత, మరో నాలుగు వారాలకు మూడో విడత వేశాక సిరలు పోయాయి.

అసలు సిరే చిట్లితే అది వేరే కథ, త్వరగా చెప్పేస్తాను. పోర్టల్ రక్తప్రవాహాన్ని తగ్గించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్ వచ్చిన వెంటనే మొదలవుతుంది, ఎండోస్కోపీ దాకా ఆగరు. ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇస్తారు. పన్నెండు గంటల్లోపు ఎండోస్కోపీ చేసి బ్యాండ్ వేస్తారు. ఆ గండం గడిచాక, మందు ఇవ్వకుండా వదిలేస్తే ఒకటి రెండేళ్లలో నూటికి 60 మందికి మళ్లీ చిట్లుతుంది. అందుకే అప్పుడు మాత్ర, బ్యాండ్ రెండూ కలిపి ఇస్తాం. ఇక్కడ మాత్రం ఒకటి చాలదు. బ్యాండ్లు వేశారు కదా అని మాత్ర ఆపేసినవాళ్లు మళ్లీ రక్తపు వాంతితో వస్తుంటారు. ఆ జంటలో ఎక్కువ బరువు మోసేది మాత్రే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.

"సార్, మా నాన్నగారికి ఫైబ్రోస్కాన్ 17, ప్లేట్‌లెట్లు లక్షా 80 వేలు. ఎండోస్కోపీ చేయించాలా?"

అక్కర్లేదమ్మా. లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ 20 కిలోపాస్కల్స్ కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షా 50 వేల కంటే ఎక్కువ ఉంటే, చికిత్స అవసరమైనంత వేరిసెస్ ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ రెండు పరీక్షలూ ఏడాదికోసారి చేయిస్తూ ఉండండి. ఏదో ఒకటి ఆ గీత దాటితే అప్పుడు ఎండోస్కోపీ.

"ఇంట్లో చూసుకుంటే బీపీ 98 వచ్చింది. ఆ రోజు మాత్ర ఆపేయచ్చా డాక్టరు గారూ?"

ఆపకండి. సిర్రోసిస్ ఉండి బీటా బ్లాకర్ వేసుకునే మనిషికి 98 మామూలు అంకే. పది నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. 90 కంటే తక్కువ వస్తే, లేదా లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మితే, ఆ పూట వేసుకునే ముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన రోజున, జ్వరం వచ్చిన రోజున కూడా అంతే, సొంతంగా నిర్ణయించుకోకుండా అడగండి.

"నాకు ఒకసారి రక్తపు వాంతి అయింది. తాగడం మానేసి మూడేళ్లయింది. లివర్ బాగుపడిందంటున్నారు. ఈ మాత్ర ఎప్పటికీ వేసుకోవాల్సిందేనా?"

అందరికీ కాదు. మద్యం మానినా, హెపటైటిస్ వైరస్ పోయినా లివర్ కొంత కోలుకుంటుంది, పోర్టల్ ఒత్తిడి కూడా దిగవచ్చు. కారణం పోయాక ఏడాది రెండేళ్లు ఆగి ఫైబ్రోస్కాన్ చేస్తాం. అది 25 కంటే తక్కువకు వస్తే ఎండోస్కోపీ చేస్తాం. వేరిసెస్ లేకపోతే మాత్ర ఆపే ఆలోచన చేయవచ్చు. ఇది ఇంతవరకూ రక్తస్రావం కాని, కడుపులో నీరు చేరనివాళ్లకు చెప్పే మాట. మీకు ఒకసారి రక్తపు వాంతి అయిందని మొదట్లో చెప్పారు కాబట్టి, మీ విషయంలో నేను మాత్ర కొనసాగించమనే చెప్తాను. మీ రిపోర్టులు తెచ్చారా? కిందికి వచ్చాక ఒకసారి చూస్తాను.